రెండు గంటల ఇంటర్వ్యూలోంచి నిమిషం క్లిప్పులు: ట్రాన్స్‌క్రిప్టుతో మాటని వెతికి పట్టుకోవడం ఎలా

గోదావరి లంకల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని 86 వరద గురించి అడిగితే మాట గంటలో తెమలదు. టీ వస్తుంది, పక్కింటాయన వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, కబురు వరద నుంచి పడవల మీదకి, పడవల నుంచి కొబ్బరి ధర మీదకి వెళ్ళి మళ్ళీ వరద దగ్గరికే వస్తుంది. ఇంటికొచ్చి చూసుకుంటే రెండు గంటల రికార్డింగు. అందులోంచి నిమిషం లోపు క్లిప్పులు నాలుగైదు తియ్యాలి.

చాలామంది వీడియోని ముందుకీ వెనక్కీ జరుపుతూ వెతుకుతారు. అలా వెతికితే క్లిప్పులన్నీ మొదటి అరగంటలోంచే వస్తాయి, ఎందుకంటే ఆ తర్వాత చూసేవాళ్ళ ఓపిక తగ్గిపోతుంది. మొదటి అరగంటలో మనిషి ఇంకా కెమెరాని చూసి సర్దుకుని మాట్లాడుతుంటాడు. గుర్తుండిపోయే మాటలు ఎక్కువగా ఆ తర్వాత, కెమెరా ఉందన్న సంగతి మరిచిపోయాక వస్తాయి. అక్కడిదాకా అలసిపోకుండా చేరాలంటే వీడియో కాదు, దాని రాతప్రతి, అంటే ట్రాన్స్‌క్రిప్టు, చదవాలి. రాతప్రతిలో వెతికి, టైమ్‌స్టాంపు పట్టుకుని వీడియోలోకి వెళ్ళి, చెవితో తేల్చుకోవాలి. ఈ మూడింటి వరుస మారకూడదు.

ఇదంతా ఒకే ఉదాహరణ మీద చెబుతాను. రాజోలు వైపు ఒక లంకలో, ఒకప్పుడు రేవులో పడవ నడిపిన పెద్దాయనతో రెండు గంటలు మాట్లాడారనుకోండి. కింద ఆయన అన్నట్టు రాసిన మాటలు ఉదాహరణ కోసం నేను కూర్చినవి. చిక్కులు మాత్రం ఇలాంటి ప్రతి రికార్డింగులోనూ వచ్చేవే.

ముందు ఒకే ఫైలు, ఒకే గడియారం

చాలా కెమెరాలు రెండు గంటల రికార్డింగుని ఒకే ఫైలుగా ఇవ్వవు. ఫైలు 4 జీబీ దాటగానే కొన్ని, అరగంట నిండగానే కొన్ని కొత్త ఫైలు మొదలుపెడతాయి. అంటే మీ దగ్గర నాలుగైదు ముక్కలుంటాయి, ప్రతి ముక్కా సున్నా నుంచి మొదలవుతుంది. ఒక్కో ముక్కకి విడిగా ట్రాన్స్‌క్రిప్టు తీస్తే "12వ నిమిషం" అన్న మాట నాలుగు చోట్ల ఉంటుంది. ఏ 12వ నిమిషమో తేల్చుకోవడానికే ఒక పూట పోతుంది. అందుకని ముందు ముక్కలన్నీ అతికించండి. ఎడిటింగ్ యాప్‌లో వరసగా పెట్టి ఒకే ఫైలుగా ఎగుమతి చెయ్యొచ్చు. కమాండ్ లైను అలవాటుంటే ఇంకా తేలిక. ఒకే కెమెరా, ఒకే సెట్టింగుల ముక్కలైతే నాణ్యత పోకుండా నిమిషాల్లో అతుకుతాయి. ముందు ముక్కల పేర్లు వరసగా `list.txt` లో రాయండి:

```
file 'C0001.MP4'
file 'C0002.MP4'
file 'C0003.MP4'
file 'C0004.MP4'
```

తర్వాత ffmpeg అనే వీడియో ప్రోగ్రాముతో ఇది నడపండి:

```
ffmpeg -f concat -safe 0 -i list.txt -c copy interview.mp4
```

ఇక నుంచి మీకున్నది `interview.mp4` ఒక్కటే. ట్రాన్స్‌క్రిప్టు దీని ధ్వని నుంచే తియ్యాలి. నోట్సులో రాసే ప్రతి టైమూ దీనిదే అయి ఉండాలి. క్లిప్పు కోసేది కూడా దీంట్లోంచే. మధ్యలో ఎవరైనా "మౌనాలు తీసేసి కొంచెం చిన్నది చేశాను" అని వేరే ఫైలు ఇస్తే, దానిమీద ట్రాన్స్‌క్రిప్టు తియ్యకండి. తీసేసిన ప్రతి మౌనానికీ టైమ్‌స్టాంపు కొంచెం కొంచెం జరిగి, చివరికొచ్చేసరికి నిమిషాల తేడా వస్తుంది.

కాలర్ మైకు ధ్వనిని వేరే రికార్డర్‌లో పట్టినవాళ్ళకి ఇంకో చిక్కుంది. కెమెరా గడియారం, రికార్డరు గడియారం సరిగ్గా ఒకే వేగంతో నడవవు. మొదట్లో పెదవీ మాటా కలిసినా, రెండో గంట చివరికి విడిపోవచ్చు. ముందు ధ్వనిని వీడియోకి కలిపి, ఆ కలిపిన ఫైలు మీదే ట్రాన్స్‌క్రిప్టు తియ్యండి. ట్రాన్స్‌క్రిప్టు వచ్చాక మూడు చోట్ల సరిచూడండి: మొదటి అయిదు నిమిషాల్లో ఒక వాక్యం, గంట దగ్గర ఒకటి, చివరి అయిదు నిమిషాల్లో ఒకటి. మూడు చోట్లా టైము కుదిరితే ఇక నమ్మొచ్చు. మొదట కుదిరి, గంట దగ్గర కొంచెం, చివర ఎక్కువ తప్పితే గడియారాలు విడిపోయాయని అర్థం. మూడు చోట్లా ఒకే తేడా ఉంటే ముందో వెనకో ఏదో ముక్క కలిసిందని అర్థం, ఆ తేడాని ఒక్కసారి సరిచేస్తే చాలు.

ట్రాన్స్‌క్రిప్టు ఎంత శుభ్రంగా ఉంటే చాలు

రెండు గంటల మాటని మొదటి అక్షరం నుంచి చేత్తో టైపు చెయ్యడమంటే ఎంత వేగంగా టైపు చేసేవాళ్ళకైనా రోజంతా పట్టే పని. క్లిప్పుల కోసమైతే అంత అక్కర్లేదు. మాటని రాతగా మార్చే సాఫ్ట్‌వేర్‌తో ఒక చిత్తుప్రతి తీసుకోండి. అందులో తప్పులుంటాయి, ఉండనివ్వండి. ఇప్పుడు ఆ ప్రతి చెయ్యాల్సిన పని ఒక్కటే, ఏ మాట ఎక్కడుందో చూపించడం. క్లిప్పుగా వెళ్ళే నాలుగైదు నిమిషాల రాతని మాత్రం చివర్లో అక్షరం అక్షరం సరిచేస్తారు.

ఫైలుని `.srt` రూపంలో తీసుకోండి. అందులో ప్రతి వాక్యానికీ, లేదా వాక్యంలో ముక్కకీ, మొదలూ చివరా టైము ఉంటుంది:

```
398
00:43:10,400 --> 00:43:13,900
గట్టు తెగుతుందని ముందే తెలుస్తుందా తాతగారూ?

399
00:43:14,600 --> 00:43:18,200
ఎందుకు తెలవదండి. అది అరవదండి.
```

గంట, నిమిషం, సెకను, కామా తర్వాత సెకనులో వెయ్యో వంతులు. నిమిషానికొక టైము మాత్రమే వేసిన ట్రాన్స్‌క్రిప్టు చదువుకోవడానికి బాగుంటుంది కానీ కొయ్యడానికి పనికిరాదు.

మన వైపు మాటతో వచ్చే తప్పులకి ఒక పద్ధతి ఉంటుంది, అది ముందే తెలిస్తే వెతకడం సులువవుతుంది. పుస్తక భాషకి దగ్గరగా ఉన్న మాటలు సరిగ్గా పడతాయి. "వొచ్చేత్తాది", "ఎల్లిపోనాం", "చెమరుద్ది" లాంటివి పడవు. సాఫ్ట్‌వేరు వాటిని సర్ది మామూలు తెలుగు చేసేస్తుంది, లేదా అర్థంలేని అక్షరాలు రాస్తుంది. ఊళ్ళ పేర్లు, పడవ సామాను పేర్లు, కొబ్బరి దింపు మాటలు కూడా అంతే. ఇద్దరు ఒకేసారి మాట్లాడినచోట ఒకరి మాట పూర్తిగా మాయమవుతుంది. అరుగు మీదున్న పక్కింటాయన మధ్యలో అందుకున్నాడంటే ఆ మాట కూడా పెద్దాయన మాటలాగే పడుతుంది. ఎవరి మాట ఎవరిదో ట్రాన్స్‌క్రిప్టుని బట్టి ఎప్పుడూ నిర్ణయించకండి.

వీడియో మూసేసి ఒక్కసారి చదవండి

రెండు గంటల మాట అచ్చు వేస్తే ముప్పై పేజీల దాకా వస్తుంది. నేనైతే కాగితం మీదే చదవమంటాను, పెన్సిలుతో. తెర మీద చదివితే ప్రతి వాక్యానికీ వీడియో నొక్కి చూడాలనిపిస్తుంది, చదువు ముందుకు సాగదు. మొదటి చదువులో మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వెళ్ళాలి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడ అంచులో ఒక గీత గియ్యండి. ఎందుకు ఆగిందో అప్పుడే ఆలోచించొద్దు.

చదువుతున్నప్పుడు సమాచారం ఉన్నచోట కాదు, మనిషి ఉన్నచోట ఆగండి. "1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది" అన్నది సమాచారం. దాన్ని మీరే తెర మీద అక్షరాలుగా వెయ్యొచ్చు, పెద్దాయన నోటితో చెప్పించక్కర్లేదు. "రాత్రంతా గట్టు మీద టార్చిలైట్లు అటూ ఇటూ తిరుగుతానే ఉన్నాయండి" అన్నది ఆయన మాత్రమే చెప్పగలడు. క్లిప్పుకి కావలసింది రెండోది.

తెలుగులో వాక్యం బరువు చివర క్రియ మీద పడుతుంది కాబట్టి గొప్ప మాట వాక్యం మధ్యలో దొరకదు, చివర దొరుకుతుంది. అది ఎక్కడ పూర్తయిందో చెప్పే గుర్తులు గోదావరి మాటలోనే ఉన్నాయి. "అన్నమాట", "అదండీ సంగతి", "అంతే మరి", ఒక్కోసారి ఒట్టి "ఆయ్". ఇవి పడ్డచోట మనిషి ఒక ఆలోచన ముగించి ఊపిరి పీల్చుకుంటాడు. అక్కడ కొయ్యొచ్చు. అలాగే మొదలుకీ గుర్తులున్నాయి: "అసలేమైందంటే", "చెప్తాను వినండి", "నిజం చెప్పాలంటే", "ఒకటి మాత్రం నాకు తెలుసండి". ఇలాంటి మాట తర్వాత వచ్చే నలభై సెకన్లు దాదాపు ఎప్పుడూ వినదగ్గవే. ఎందుకంటే ఆ మాటతో మనిషి తానే ముఖ్యమని ఎంచుకున్న సంగతి మొదలుపెడుతున్నాడు. ఇది మీ అభిప్రాయం కంటే నమ్మకమైన ఆధారం.

రెండోసారి: వెతకండి

చదువు పూర్తయ్యాక మీ దగ్గర పాతికో ముప్పైయో గీతలుంటాయి. ఇప్పుడు `.srt` ఫైలుని కంప్యూటర్లో తెరిచి వెతుకుడు మొదలుపెట్టండి. రెండు పనుల కోసం వెతుకుతాం. చదువులో జారిపోయినవి పట్టుకోవడం ఒకటి. అదే కథ ఇంకెక్కడైనా చెప్పాడేమో చూడటం రెండోది. ఈ రెండోది చాలామంది చెయ్యరు, కానీ మంచి క్లిప్పులు దొరికేది అక్కడే.

వెతికేటప్పుడు పూర్తి మాట టైపు చెయ్యకండి, మారని మొదలు మాత్రం చెయ్యండి. "గండి" అని వెతికితే "గండ్లు" రాదు, "గండ" అని వెతికితే రెండూ వస్తాయి. "తెగ" అంటే తెగుతుంది, తెగే, తెగిపోయింది అన్నీ వస్తాయి. కొన్ని మాటలకి మొదలే మారిపోతుంది: ఏరు "ఏటి" అవుతుంది, ఇల్లు "ఇంటి" అవుతుంది, "ఇళ్ళు" అవుతుంది. వాటిని విడివిడిగా వెతకాలి. యాస వల్ల మొదటి అక్షరం మారితే ఆ అక్షరం వదిలేసి వెతకండి. "వరద"కి "వొరద" పడి ఉంటుందన్న అనుమానం ఉంటే "రద" అని కొట్టండి. సరదాలూ పరదాలూ కూడా తేలతాయి, వాటిని దాటేస్తే సరిపోతుంది.

మామూలు నోట్‌ప్యాడ్‌లో Ctrl+F చాలు. అన్నీ ఒకేచోట టైముతో సహా కావాలంటే, grep ఉన్న కమాండ్ లైనులో ఇది నడపండి:

```
grep -B 2 -E "గట్ట|గట్ల|తెగ|గండ" interview.srt
```

`-B 2` అంటే దొరికిన లైనుకి పైనున్న రెండు లైన్లు కూడా చూపించమని. టైము మాటకి పై లైనులో ఉంటుంది కాబట్టి అది లేకపోతే మాట దొరికి టైము దొరకదు.

ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్ళు తమకి ముఖ్యమైన కథని తరచుగా రెండుసార్లు చెబుతారు. మొదటిసారి మీరు అడిగితే చెబుతారు, ఊళ్ళూ పేర్లూ వరసలూ కలిపి పొడుగ్గా. రెండోసారి ఎక్కడో గంట దాటాక, వేరే మాట మధ్యలో తానుగా గుర్తొచ్చి చెబుతారు. అప్పటికి అది ఒకసారి నోట్లో నలిగి ఉంటుంది కాబట్టి పొట్టిగా, గట్టిగా వస్తుంది. వీడియో చూస్తూ వెతికేవాళ్ళకి ఈ రెండోది కనబడదు. "ఇది ఇందాక విన్నాం కదా" అని దాటేస్తారు.

గట్టు మాట: ఒక క్లిప్పు ఎలా తేలింది

మన పెద్దాయన 43వ నిమిషంలో అన్నది ఇది. ప్రశ్న మీరు పైన చూశారు, గట్టు తెగుతుందని ముందే తెలుస్తుందా అని. ఆయన జవాబు:

"ఎందుకు తెలవదండి. అది అరవదండి. చెమరుద్దంతే. అవతల పక్క చెమ్మ కనబడుద్ది, ఆ చెమ్మలో బుడగలొత్తాయి, బుడగలొచ్చినకాడ ఊట ఎత్తుద్ది. ఆ తర్వాత మనం చేసేదేం లేదన్నమాట."

కాగితం మీద ఇక్కడ చెయ్యి ఆగకుండా ఉండదు. గట్టు పొంగి పొర్లి తెగడం ఒక రకం. ఎలుక బొరియల్లోంచో, పీత కన్నాల్లోంచో నీరు లోపలే దారి చేసుకుని మట్టిని కొంచెం కొంచెం మోసుకుపోయి తెగడం ఇంకో రకం. ఆ రెండోది ఎలా మొదలవుతుందో ఈయన అయిదు వాక్యాల్లో చెప్పేశాడు. మాట మంచిది, "అన్నమాట"తో శుభ్రంగా ముగిసింది కూడా.

కానీ ఈ ముక్కని ఒంటరిగా వినండి. "అది అరవదండి." ఏది? గట్టు అన్న మాట ప్రశ్నలో ఉంది, జవాబులో లేదు. ఇది మన భాషలో పదే పదే వచ్చే చిక్కు. ఎదుటివాడికి తెలిసిన పేరుని మనం మళ్ళీ అనం. "అది", "వాడు", "అక్కడ", "అప్పుడు" అంటాం, లేదా అసలు కర్తనే వదిలేస్తాం. రెండు గంటల మాటలో అది హాయిగా ఉంటుంది. క్లిప్పులో చూసేవాళ్ళకి ముందు జరిగింది తెలియదు. అందుకే క్లిప్పు అవుతుందనుకున్న ప్రతి ముక్కకీ, అంటే ప్రతి అభ్యర్థి క్లిప్పుకీ, మొదటి రెండు వాక్యాలు తీసుకుని, ఈ ఊరు ఎరగని మనిషికి అర్థమవుతాయా అని చూడాలి. ఇక్కడ కావు.

దారులు మూడు. ప్రశ్నని కూడా క్లిప్పులో ఉంచడం ఒకటి. నాలుగు సెకన్లే కాబట్టి పర్వాలేదు, కానీ మీ గొంతు మైకుకి దూరంగా చిన్నగా పడి ఉంటుంది. తెర మీద "ఏటిగట్టు తెగే ముందు" అని అక్షరాలు వెయ్యడం రెండోది. ఆయనే ఇంకెక్కడైనా గట్టు పేరెత్తి చెప్పాడేమో చూడటం మూడోది. ఎప్పుడూ మూడోదే ముందు ప్రయత్నించండి. "తెగ" అని వెతికితే ఇది కూడా తేలింది:

```
861
01:37:48,100 --> 01:37:55,600
మా కుర్రోళ్ళకి నేను చెప్పేది ఒకటేనండి. గట్టు తెగే ముందు

862
01:37:55,600 --> 01:38:03,000
అరవదు, చూమ రద్దు. చెమ్మ కనబడిందా బస్తా పట్టుకుని పరిగెత్తాల
```

"చూమ రద్దు" అన్నచోట ఆయన అన్నది "చెమరుద్ది". సాఫ్ట్‌వేరుకి ఆ మాట తెలియదు. "చెమర" అని వెతికి ఉంటే ఇది దొరికేదే కాదు. అందుకే ఎప్పుడూ యాస మాట కాకుండా, దాని పక్కనుండే మామూలు మాటతో వెతకాలి. ఇక్కడ గట్టు, తెగ.

ఇప్పుడు రెండూ పక్కపక్కన రాసుకోండి. ప్రతి అభ్యర్థి క్లిప్పుకీ ఒక లైను: మొదలు, చివర, మొదటి మాటలు, ఒక ముక్కలో మీ తీర్పు.

```
00:43:14  00:43:41  ఎందుకు తెలవదండి..  ప్రశ్న కావాలి; వివరం బాగుంది
01:37:48  01:38:06  మా కుర్రోళ్ళకి..     ఒంటరిగా నిలబడుతుంది
```

రెండోది పద్దెనిమిది సెకన్లు. పేరుంది, సలహా ఉంది, ఎవరికి చెబుతున్నాడో ఉంది. చెమ్మ, బుడగ, ఊట అన్న వరస మాత్రం లేదు. ఆ వరసని మొదటిదాంట్లోంచి తెచ్చి మధ్యలో అతికిద్దామన్న కోరిక పుడుతుంది. వద్దు. గంట తేడాతో చెప్పిన రెండు మాటల్ని ఒకే మాటలా వినిపించడం ఆయన అనని మాటని ఆయన నోట పెట్టడమే. పైగా గొంతు స్థాయి, వెలుతురు, వెనకాల కోళ్ళ అరుపు కూడా కలవవు, చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. రెండూ బాగుంటే రెండు క్లిప్పులు చెయ్యండి.

ముందు రెండు నిమిషాలు, వెనక రెండు నిమిషాలు

ఎంచుకున్న ప్రతి ముక్కకీ ముందూ వెనకా రెండేసి నిమిషాల ట్రాన్స్‌క్రిప్టు మళ్ళీ చదవాలి. ఎందుకో ఇదే ఇంటర్వ్యూలో చూడండి. 52వ నిమిషంలో ఆయన "మమ్మల్ని చూడ్డానికి ఒక్కరూ రాలేదండి" అంటాడు, గొంతు బరువెక్కుతుంది. క్లిప్పుగా వెంటనే పాకే మాట అది. కానీ ఒకటిన్నర నిమిషం తర్వాత "మూడోనాడు పడవలో బియ్యం, కిరసనాయిలు తెచ్చారండి, అబద్ధమాడకూడదు" అంటాడు. మొదటిదొక్కటే కోసి పెడితే, తన మాటని తానే సరిదిద్దుకున్న నిజాయితీపరుణ్ణి మనం అబద్ధమాడించినట్టవుతుంది. ఇలాంటిచోట రెండో మాట దాకా క్లిప్పు సాగాలి, లేదా ఆ క్లిప్పు మానుకోవాలి. యూట్యూబ్ షార్ట్స్‌లో ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు కాబట్టి సాగదియ్యడానికి చోటుంది. నన్నడిగితే "అబద్ధమాడకూడదు" అన్న మాటతో ముగిసే క్లిప్పే రెండింట్లో బలమైనది.

తేదీలూ ఇక్కడే సరిచూడాలి. ఎనభయ్యారు, తొంభయ్యారు అన్న మాటలు వేగంగా అంటే చివర ఒకేలా వినబడతాయి, ట్రాన్స్‌క్రిప్టులో ఒకటి ఇంకోటిగా పడుతుంది. కోనసీమలో ఈ రెండూ రెండు వేర్వేరు విపత్తులు. 1986 ఆగస్టుది గోదావరి వరద. 1996 నవంబరు 6 రాత్రిది తుఫాను, గాలికి కొబ్బరితోటలు నేలకూలిన రాత్రి. కాబట్టి సంవత్సరం మీద అనుమానం వస్తే చుట్టూ ఉన్న మాటలు చూడండి. గట్టు, ఇసుక బస్తాలు, ధవళేశ్వరం నుంచి కబురు ఉంటే 86. గాలి హోరు, విరిగిన కొబ్బరిచెట్లు, ఎగిరిన పైకప్పులు ఉంటే 96. ఇంకా పెద్ద వయసువాళ్ళు 1953 వరదని కూడా ఇందులో కలిపేస్తుంటారు. ఆయనే సంవత్సరం తప్పు చెప్పి ఉంటే మాటని కొయ్యక్కర్లేదు, సరైన సంవత్సరం తెర మీద వేస్తే చాలు.

ఇప్పుడు చెవి

ఇక్కడిదాకా కంటితో చేశాం. ఇప్పుడు మిగిలిన పదో పన్నెండో అభ్యర్థి క్లిప్పుల్ని టైము పట్టుకుని వీడియోలో వినండి. కాగితం మీద మెరిసిన వాటిలో సగం ఇక్కడ రాలిపోతాయి. మాట బాగున్నా గొంతు ఎక్కడో పోయి ఉంటుంది, మోటారు శబ్దం కమ్మేసి ఉంటుంది, మాట కీలకమైనచోట ఆయన పక్కకి తిరిగి ఎవరినో పిలిచి ఉంటాడు. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. కాగితం మీద ఏమీ లేనిచోట, రెండు టైమ్‌స్టాంపుల మధ్య ఆరేడు సెకన్ల ఖాళీ కనబడుతుంది. ఒక మాట 00:58:20కి ఆగి తర్వాతిది 00:58:27కి మొదలైందంటే ఆ ఏడు సెకన్లూ తప్పకుండా చూడండి. టీ గ్లాసు అందుకుని ఉండొచ్చు. చెప్పలేక ఆగి ఉండొచ్చు. ఆగినదైతే ఆ మౌనం క్లిప్పులో ఉండాలి.

కోసేటప్పుడు ట్రాన్స్‌క్రిప్టు టైముని అక్షరాలా నమ్మకండి. అది అర సెకను, సెకను అటూ ఇటూ ఉంటుంది. మొదట రెండు సెకన్లు ముందూ, రెండు సెకన్లు వెనకా ఎక్కువే తియ్యండి:

```
ffmpeg -ss 01:37:46 -to 01:38:08 -i interview.mp4 -c:v libx264 -c:a aac gattu.mp4
```

`-ss`, `-to` రెండూ `-i` కి ముందే ఉండాలి. `-to` ని తర్వాత రాస్తే అది ముగింపు టైముగా కాకుండా కొత్త క్లిప్పు మొదలు నుంచి లెక్కకొస్తుంది, ఇరవై సెకన్ల క్లిప్పుకి బదులు మిగిలిన ఇంటర్వ్యూ అంతా వచ్చిపడుతుంది. త్వరగా అవుతుందని ఇక్కడ `-c copy` వాడకండి. అది కీఫ్రేముల దగ్గరే, అంటే బొమ్మ మొత్తంగా దాచిన ఫ్రేముల దగ్గరే, కోయగలదు కాబట్టి మొదట్లో బొమ్మ బిగుసుకుపోయి మాట మాత్రం వినబడే ప్రమాదముంది. అతికించడానికి అది మంచిది, కొయ్యడానికి కాదు.

చివరి కోత ఎడిటింగ్ యాప్‌లో ధ్వని అలని పెద్దది చేసి చూస్తూ చెయ్యండి. మొదటి మాటకి ముందు తీసుకున్న ఊపిరి ఉంచండి. అది తీసేస్తే మనిషిని మధ్యలో పట్టుకులాగినట్టుంటుంది. చివర "అండి", "అన్నమాట" పూర్తిగా వినబడాలి. అవి అనవసరమైన మాటలని కత్తిరించేవాళ్ళున్నారు. అవి పోతే వాక్యం గాల్లో ఆగిపోతుంది, గోదావరి మనిషి గోదావరి మనిషిలా వినబడడు.

అక్షరాలు, లింకు

క్లిప్పు కింద వేసే సబ్‌టైటిల్సుని చిత్తుప్రతి నుంచి నేరుగా తేకండి, విని రాయండి. ఆయన "చెమరుద్ది" అంటే "చెమరుద్ది" అనే రాయండి, "చెమరుస్తుంది" అని దిద్దకండి. చెవికి ఒకటి వినబడి కంటికి ఇంకోటి కనబడితే చూసేవాళ్ళు మాట మీద నిలవలేరు. మరీ తెలియని మాటైతే మీ వివరణ పక్కన చిన్న అక్షరాల్లో వెయ్యొచ్చు.

చివరగా, పూర్తి ఇంటర్వ్యూని కూడా యూట్యూబ్‌లో పెడితే క్లిప్పు వివరణలో దాని లింకు ఇవ్వండి, సరిగ్గా ఆ సెకను దగ్గర తెరుచుకునేలా. టైముని సెకన్లలోకి మార్చాలి: 1 గంట 37 నిమిషాల 48 సెకన్లంటే 5868. పూర్తి వీడియో లింకు చివర `&t=5868s` చేర్చండి. లింకులో ప్రశ్న గుర్తు లేకపోతే `?t=5868s`. మీరు రాసుకున్న క్లిప్పుల జాబితాలోని టైములే పూర్తి వీడియోకి అధ్యాయాలు కూడా అవుతాయి. వివరణలో మొదటి లైను `00:00` తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకి తగ్గకూడదు:

```
00:00 రేవులో పడవ పని
38:20 86 వరద రాత్రి
43:10 గట్టు తెగే ముందు
52:05 వరద తర్వాత మూడు రోజులు
1:37:48 కుర్రోళ్ళకి చెప్పేది
```